మూడు పత్రాలు ఉంటే మూడు సాక్ష్యాలు ఉన్నట్లేనా?

సరఫరాదారుకు డబ్బు చెల్లించే ముందు కొనుగోలు ఆర్డరు, సరకు స్వీకరణ పత్రం, ఇన్‌వాయిస్ అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలని గత విభాగంలో చదివారు. "మూడూ సరిపోతే చెల్లింపు సురక్షితం" అని విద్యార్థులు రాసిన జవాబులను నేను చాలా ఏళ్లు దిద్దాను. ఆ వాక్యం సగమే నిజం. మిగతా సగం ఎక్కడ తప్పిపోతుందో ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా ఈ పద్ధతిలోని తర్కాన్ని గమనించండి. ఏం కావాలో, ఏ ధరకు కావాలో ఆర్డరు చెబుతుంది. దాన్ని కొనుగోలు విభాగం రాస్తుంది. ఎంత వచ్చిందో స్వీకరణ పత్రం చెబుతుంది. దాన్ని స్టోర్సు గుమాస్తా రాస్తాడు. ఎంత అడుగుతున్నారో ఇన్‌వాయిస్ చెబుతుంది. దాన్ని సరఫరాదారు రాస్తాడు. ముగ్గురూ ఒకరిని చూసి మరొకరు రాయనప్పుడే ఈ పోలికకు విలువ ఉంటుంది. ముగ్గురు సాక్షులు ముందే మాట్లాడుకుని వస్తే వారిది ఒకే సాక్ష్యం కదా!

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ముద్రణాలయం రీము రూ. 300 చొప్పున 200 రీముల కాగితానికి ఆర్డరు ఇచ్చింది. లెక్క సులువుగా ఉండడానికి పన్నును పక్కన పెడదాం. లారీలో నిజంగా వచ్చినవి 188 రీములు. డెలివరీ చలానులో మాత్రం 200 అని ఉంది. సాయంత్రమైంది, డ్రైవరు తొందరపెడుతున్నాడు. గుమాస్తా లెక్కపెట్టకుండా చలాను చూసి స్వీకరణ పత్రంలో 200 అని రాశాడు. ఇన్‌వాయిస్‌లోనూ 200 రీములే, రూ. 60,000. మూడు పత్రాలూ చక్కగా సరిపోయాయి. అకౌంట్స్ విభాగం పూర్తి మొత్తం చెల్లించింది. రూ. 3,600 నష్టం జరిగింది, కానీ ఏ పత్రంలోనూ దాని జాడ లేదు.

అదే గుమాస్తా లెక్కపెట్టి 188 అని రాసి ఉంటే ఇన్‌వాయిస్‌తో తేడా వెంటనే బయటపడేది. చెల్లింపు ఆగేది. 12 రీములకు డెబిట్ నోటు పంపి, రూ. 56,400 మాత్రమే చెల్లించేవారు. రెండు సందర్భాల్లోనూ అకౌంట్స్ విభాగం చేసిన పని ఒక్కటే. ఫలితాన్ని మార్చింది గోదాము గుమ్మం దగ్గర జరిగిన, లేదా జరగని లెక్కింపు.

నష్టం అక్కడితో ఆగదు. స్టాకు పుస్తకంలో 200, అరల్లో 188. ఏడాది చివర భౌతిక లెక్కింపులో ఈ తేడా బయటపడినప్పుడు అందరూ దొంగతనాన్నో, ముద్రణలో వృథానో అనుమానిస్తారు. సరఫరాదారు ఎవరికీ గుర్తుకురాడు. సంబంధం లేని కార్మికుడు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. పన్ను విషయంలోనూ చిక్కు ఉంది. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఇన్‌వాయిస్ చేతిలో ఉంటే చాలదు, సరకు కూడా అందాలి. రాని 12 రీములపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకుంటే అది తప్పుడు క్లెయిము అవుతుంది.

దీనికి పాతకాలం నుంచీ ఉన్న మందు ఒకటుంది. స్టోర్సుకు పంపే ఆర్డరు ప్రతిలో వస్తువు పేరు ఉంచి, పరిమాణం గడిని ఖాళీగా వదిలేస్తారు. ఆ గడి నింపాలంటే గుమాస్తా లెక్కపెట్టక తప్పదు. అయితే చలాను అతని చేతిలోనే ఉంటే ఈ ఏర్పాటూ పనిచేయదు. లెక్క రాసి సంతకం చేసిన తరువాతే చలానుతో పోల్చాలి. ఇందుకు సమయం పడుతుంది, లారీ కొంతసేపు ఆగాలి. చాలా సంస్థలు ఈ పద్ధతిని వదులుకునేది ఇక్కడే. ప్రతి సరకునూ ఇలా లెక్కించడం సాధ్యం కాకపోతే, ఖరీదైనవాటినీ, ముందు చెప్పకుండా ఎంచుకున్న కొన్ని లోడ్లనూ అయినా లెక్కించాలి.

లెక్కింపు జరగడం లేదని బయటినుంచి ఎలా గుర్తించాలి? ఏడాది స్వీకరణ పత్రాలను ఇన్‌వాయిస్‌ల పక్కన పెట్టి చూడండి. వందల లోడ్లలో ఒక్కసారి కూడా తరుగు, విరిగిన సరకు, అదనపు సరకు నమోదు కాకపోతే మెచ్చుకోకండి, అనుమానించండి. స్వీకరణ పత్రం తేదీ సరకు వచ్చిన రోజుది కాక, తరచూ ఇన్‌వాయిస్ అకౌంట్స్‌కు చేరిన రోజుదే అయితే, బిల్లు పాస్ చేయడానికే ఆ పత్రం పుట్టిందని అర్థం.

ఒక పరిమితిని కూడా గుర్తుంచుకోండి. లెక్క సరిగ్గా ఉన్నా, ఆర్డరు చేసిన 80 జి.ఎస్.ఎం. కాగితానికి బదులు 70 వచ్చిందేమో ఈ పోలిక చెప్పదు. అది నాణ్యతా తనిఖీ పని.

కనుక పరీక్షలో ఈ ప్రశ్న వస్తే "మూడూ సరిపోయాయా?" అన్నచోట ఆగకండి. "స్వీకరణ పత్రంలోని అంకె ఎక్కడి నుంచి వచ్చింది?" అని కూడా అడగండి. అది చలాను నుంచి వచ్చి ఉంటే, మీ ముందున్నవి మూడు పత్రాలే గాని సాక్ష్యాలు రెండే.