బావిలో పడేసిన మూట

తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే కథల్లో పనితనం చూడాలంటే నేను దొంగల కథే తీసుకుంటాను. ఊరూరా ఒక్కో తీరుగా చెబుతారు. నాకు నచ్చిన వరస ఇది.

ఆ ఏడు వానల్లేవు. రామకృష్ణుడి పెరటి బావిలో నీళ్లు బాగా అడుక్కి పోయాయి, అరటి పాదులు బీటలు వారాయి. ఒక రాత్రి ఆయన భార్యను పిలిచి, ఊళ్లో దొంగల భయం ఎక్కువైంది, నగలు మూటగట్టి బావిలో పడేద్దాం అన్నాడు. ఇద్దరూ మూట మోసుకెళ్లి బావిలో వేసి వచ్చి పడుకున్నారు. చెట్ల చాటున నక్కిన దొంగలు ఇదంతా విన్నారు. నీళ్లు ఎలాగూ అడుగునే ఉన్నాయి కదా అని తోడటం మొదలుపెట్టారు. చేదలు మార్చుకుంటూ తెల్లవారుజాము దాకా తోడి పారబోశారు. మూట చేతికందింది. విప్పితే రాళ్లు. నోటమాట రాక నిలబడిపోయారు. అప్పుడు చీకట్లోంచి, చేతిలో పారతో రామకృష్ణుడు: “ఇక చాలు నాయనా, చివరి పాదు కూడా తడిసింది.”

ఇందులో దాచిన సంగతులు రెండు. మూటలో ఉన్నవి రాళ్లు అన్నది చిన్నది. దొంగల చేత తోటకు నీళ్లు పెట్టించుకున్నాడు అన్నది పెద్దది. కథ కట్టినవాడి నేర్పంతా చిన్నదాన్ని పెద్దదానికి అడ్డం పెట్టడంలో ఉంది. చురుకైన శ్రోత మూట బావిలో పడగానే ఏదో మోసం ఉందని పసిగడతాడు. పసిగట్టనివ్వండి, నష్టం లేదు. రాళ్లు బయటపడగానే “నేననుకున్నదే” అని తృప్తిపడి, కథ అయిపోయిందనుకుంటాడు. పాదు మాట పడాల్సింది సరిగ్గా అక్కడే. ఈ రెండు సంగతుల వరస మార్చి, పాదులు తడిసిన మాట ముందు చెప్పి రాళ్ల సంగతి తర్వాత విప్పితే, రాళ్లకు నవ్వేవాళ్లుండరు.

అయితే పెద్ద సంగతికి ఆధారం ముందే వినిపించి ఉండాలి. లేకపోతే చివరి మాట గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది. దానికి కరువు పనికొచ్చింది. బావిలో నీళ్లు తక్కువ కాబట్టే దొంగలకు తోడెయ్యగలమన్న ధైర్యం వచ్చింది. శ్రోత కరువును ఆ లెక్కలో వేసుకుని ఊరుకుంటాడు. అదే కరువు పాదులనూ ఎండబెట్టిందన్నది ఆ పక్కనే, అదే వాక్యంలో, ఎవరూ పట్టించుకోనట్టుగా ఉంది. ఒక్క వివరానికి రెండు పనులు అప్పజెప్పి, ఒకటి చూపించి రెండోది మరిపించడం! నేను ఈ కథకు దణ్ణం పెట్టేది ఇక్కడే.

చెప్పేవాళ్లు దీన్ని పాడుచేసేది ఎక్కువగా విశేషణాలతో. తెలుగులో వర్ణించే మాట నామవాచకానికి ముందొస్తుంది కాబట్టి గుట్టు తెలియకుండానే జారిపోతుంది. “రాళ్లు కట్టిన మూట” అన్నారా, చిన్న సంగతి పోయింది. “దొంగలకు వినబడేలా భార్యతో అన్నాడు” అన్నా పోయినట్టే. “భార్యను పిలిచి అన్నాడు” చాలు. తోడిన నీళ్లు “కాలవలోకి” పోశారంటే పెద్దదే పోయింది. అందుకే “పారబోశారు” అనాలి, ఎక్కడికో చెప్పకూడదు. పార కూడా ఆఖరి వాక్యం దాకా కనబడకూడదు. ఇక “దొంగలతో తోట తడిపించిన రామకృష్ణుడు” అని కథకు పేరు పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇంకో రకం ప్రమాదం మరుపు. పాదుల సంగతి మొదట్లో మరిచి, దొంగలు సగం బావి తోడాక “అన్నట్టు, వాళ్ల పెరట్లో అరటి చెట్లు ఎండిపోతున్నాయి” అంటే శ్రోత అక్కడికక్కడే చివర పట్టేస్తాడు. ఆలస్యంగా వచ్చిన వివరం తానెందుకొచ్చిందో తానే చెప్పేస్తుంది. అలా మరిచిపోతే మధ్యలో అతికించకండి. పాదు మాటే వదిలేసి రాళ్ల దగ్గర కథ ముగించండి. చిన్న నవ్వయినా దక్కుతుంది.

చివరి మాటలోనూ వరస ఉంది. “చివరి పాదు కూడా తడిసింది, ఇక చాలు నాయనా” అని చూడండి. “తడిసింది” దగ్గర నవ్వు లేస్తుంది, మిగిలిన మూడు మాటలు ఆ నవ్వులో కొట్టుకుపోతాయి. “ఇక చాలు” ముందుంటే, దేనికి చాలు అని శ్రోత ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణానికి జవాబు “తడిసింది”లో పడుతుంది.

నీళ్లు తోడే ఘట్టం ఎంతసేపు సాగదీయాలన్నది వినేవాళ్ల ముఖాలను బట్టి. చేదలు మార్చుకోవడం, చేతులు బొబ్బలెక్కడం, నగల పంపకం గురించి చిన్న తగాదా, ఇవన్నీ పట్టేంత చోటుంది. వాళ్లెంత చెమటోడిస్తే చివరి మాట అంత బాగా పేలుతుంది. కానీ ఎదుటివాడి పెదవి ముందే వంకర తిరుగుతుంటే, తగాదా సగంలో ఆపేసి మూట పైకి లాగేయాలి.