సెల్లు చెప్పే లెక్క, ప్యాక్ తూగే లెక్క

సెల్లు అమ్మేవాళ్లు ఇచ్చే కాగితం మీద కిలోకు 135 వాట్ అవర్లు అని ఉంటుంది. అవే సెల్లు వంద తీసుకుని స్కూటర్‌లో కూర్చోబెట్టే బ్యాటరీగా కట్టి తూకం వేస్తే, కిలోకు 89 వాట్ అవర్లే వస్తాయి. మదనపల్లెలో బ్యాటరీ ప్యాక్‌లు కట్టే పనిలో ఉన్న నేను ఎక్కువసార్లు జవాబు చెప్పాల్సి వచ్చేది ఈ తేడా గురించే.

పుంగనూరు నుంచి వచ్చే పాలాయన ఒకరు ఈమధ్య ప్యాక్ తీసుకెళ్లడానికి వచ్చి తూకం ముల్లు చూసి ఆగిపోయాడు. "ఏందన్నా ఇది, నీ లెక్క ప్రకారం పద్నాలుగు కిలోలు ఉండల్ల గదా, ఇరవై ఒకటిన్నర తూగతా ఉండాదే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ఇన్నాళ్లూ వాడింది సీసం బ్యాటరీలు. వాటిలో ఈ గొడవ లేదు. సీసం పలకలు, యాసిడ్, డబ్బా అన్నీ కలిసే ఒక వస్తువుగా వస్తాయి. ఎంత తూగితే అంతే బరువు, ఎంత నిల్వ ఉంటే అంతే నిల్వ. ఒట్టి పలకల బరువు చెప్పి బ్యాటరీ అమ్మిన వాడు ఎవడూ లేడు. లిథియం వచ్చాకే ఒట్టి సెల్లు వేరు, కట్టిన ప్యాక్ వేరు అయింది. ప్రచారంలో మాత్రం సెల్లు లెక్కే వినిపిస్తుంది, ఎందుకంటే అదే పెద్దది.

ఆయన ప్యాక్ లెక్కే చెబుతాను. అందులోవి ఐరన్ ఫాస్ఫేట్ రకం గుండ్రటి సెల్లు. ఒక్కొక్కటి 32 మిల్లీమీటర్ల మందం, 70 మిల్లీమీటర్ల పొడవు. ఒక సెల్లు 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు, అంటే 19.2 వాట్ అవర్లు. బరువు 142 గ్రాములు. ఐదేసి సెల్లు పక్కపక్కన కలిపి ఒక గుంపు చేసి, అలాంటి 20 గుంపులను వరుసగా జోడిస్తే 64 వోల్టులు, 30 ఆంపియర్ అవర్లు వస్తాయి. వంద సెల్లు, 1,920 వాట్ అవర్లు, 14.2 కిలోలు. పాలాయన చెప్పిన పద్నాలుగు కిలోలు ఇక్కడిదాకా నిజమే.

మిగతా 7.3 కిలోలు ఎక్కడివి? సెల్లను ఒకదానికొకటి తగలకుండా పట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్లు 900 గ్రాములు. సెల్లను కలిపే నికెల్ పట్టీలు, రాగి పట్టీలు 400. గుంపుల వోల్టేజీని కనిపెట్టి అవసరమైతే కరెంటు ఆపేసే బీఎంఎస్ బోర్డు 400. ఫైబర్ షీటు, బార్లీ పేపర్, ఫోమ్ కలిపి అర కిలో. లావు వైర్లు, కనెక్టర్లు, ఎంసీబీ 700. స్క్రూలు, పైన పట్టుకునే పిడి 200. ఇవన్నీ కలిపినా మూడు కిలోల పైచిలుకే. మిగిలిన 4.2 కిలోలూ పెట్టెవి. 18 గేజ్ ఇనుప రేకుతో చేసిన, ఒక మనిషి ఎత్తి పక్కన పెట్టగల పెట్టె అది. కలుపుకున్న బరువులో సగం కంటే ఎక్కువ అదే తింటుంది.

పెట్టెను 2 మిల్లీమీటర్ల అల్యూమినియంతో చేయిస్తే 2.4 కిలోలకు దిగుతుంది. అప్పుడు మొత్తం 19.7 కిలోలు, కిలోకు 97 వాట్ అవర్లు. ఖర్చు పెరుగుతుంది, అల్యూమినియం వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లు దొరకాలి. అడిగినవాళ్లకు చేయిస్తాను. బరువు తగ్గించడానికి నాకు తెలిసిన నికరమైన దారి ఇదొక్కటే.

ఇంకో దారి ఉందని కుప్పం వైపు నుంచి తరచూ వింటాను. పెట్టె మానేసి, సెల్లను హోల్డర్లు కూడా లేకుండా వేడి జిగురుతో అతికించి, పైన నీలం రంగు పీవీసీ తొడుగు వేసి వేడి గాలితో బిగించేస్తారు. అది నిజంగానే 16 కిలోల లోపు వస్తుంది. అలాంటిది ఒకటి కుప్పం మెకానిక్ ఒకాయన బాగు చేయమని తెచ్చాడు. తొడుగు కోసి చూస్తే, గతుకుల రోడ్డు మీద ఊగి ఊగి నికెల్ పట్టీలు మూడు చోట్ల వెల్డింగ్ దగ్గర ఊడి ఉన్నాయి. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. ఈ సెల్లకు పై అంచు దాకా బయటి గోడ అంతా మైనస్సే, నడుమ ఉండే చిన్న టోపీ మాత్రమే ప్లస్. ప్లస్ వైపు వెళ్లే పట్టీ ఆ అంచును దాటుకుని పోవాలి. రెండింటికీ మధ్య కాగితం రింగు ఒక్కటే అడ్డం. రాపిడికి ఆ రింగు అరిగి నల్లబడి ఉంది. ఇంకొంచెం అరిగితే నేరుగా షార్ట్. ఆ ప్యాక్‌లో మిగిల్చిన ఐదున్నర కిలోలు ఎందుకు ఉండాలో ఆ రింగు చూస్తే తెలుస్తుంది. మెకానిక్‌కు కూడా ఇక చెప్పాల్సిన పని లేకపోయింది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాత ఏఐఎస్-156 నిబంధనలు గట్టిపడ్డాయి. 2022 డిసెంబరు నుంచి కొంత, 2023 మార్చి చివరి నుంచి మిగతాది అమలులోకి వచ్చాయి. సెల్లకూ సెల్లకూ మధ్య తగినంత ఎడం ఉండాలి. ఒక సెల్లు కాలితే పక్కదానికి పాకకుండా చూడాలి. వేడి కొలిచే సెన్సర్లు కనీసం నాలుగు ఉండాలి. లోపల గ్యాస్ పుడితే బయటికి పోయే దారి ఉండాలి. నీళ్లలో మునిగినా తట్టుకోవాలి. ఈ షరతుల్లో ఒక్కటి కూడా సెల్లు లోపల నెరవేరేది కాదు. ప్రతిదానికీ బయట బరువు పెట్టాలి, చోటు ఇవ్వాలి.

బరువు గురించే అందరూ అడుగుతారు గానీ, నన్నడిగితే స్కూటర్‌కు అసలు కష్టం చోటుతోనే. మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్ ఎక్కితే దాదాపు 570 మీటర్ల ఎత్తు పెరుగుతాం. ఆ 7.3 కిలోల అదనపు బరువును అంత ఎత్తుకు చేర్చడానికి పట్టేది 11 వాట్ అవర్లు. 1,920లో 11 అంటే లెక్కలోకి రాదు. చోటు సంగతి అలా కాదు. మన సెల్లు ఒట్టిగా చూస్తే లీటరు ఘనపరిమాణానికి 341 వాట్ అవర్లు. మార్కెట్‌లో టమాటా డబ్బా చూసినవాళ్లకు గుండ్రటివి ఎంత సర్దినా మధ్యన సందు మిగులుతుందని తెలుసు. గుండ్రటి సెల్లను పక్కపక్కన నిలబెట్టినా అంతే. అత్యంత దగ్గరగా పేర్చినా నూటికి తొమ్మిది వంతులు, చతురస్రంగా పేరిస్తే ఇరవై ఒక్క వంతులు ఖాళీ. దానికి హోల్డర్ల ఎడం కలిపితే, రెండు అంతస్తులుగా పేర్చిన వంద సెల్లు ఎనిమిదిన్నర లీటర్లు ఆక్రమిస్తాయి. ఇక బీఎంఎస్‌కు, వైర్లు వంగడానికి, ఫోమ్‌కు చోటిస్తే పెట్టె 38 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 20 ఎత్తు అవుతుంది. అంటే దాదాపు 16.7 లీటర్లు. లీటరుకు 115 వాట్ అవర్లు. బరువులో మూడో వంతు పోతే, చోటులో మూడింట రెండు వంతులు పోయింది. స్కూటర్ సీటు కింద ఉన్న గుంత మాత్రం మన కోసం పెరగదు. "ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయేట్టు కట్టన్నా" అని అడిగితే నేను ముందు టేపు తీసి ఆ గుంత కొలిచేది అందుకే.

ఇంతా చేసి 1,920 కూడా మొత్తం చేతికి రాదు. ఇరవై గుంపులు వరుసలో ఉన్నాయి కాబట్టి అన్నింటి నుంచీ ఒకే కరెంటు పోతుంది. వాటిలో ఒక్క గుంపు 30కి బదులు 28 ఆంపియర్ అవర్లే ఇస్తే, అది ఖాళీ కాగానే బీఎంఎస్ ప్యాక్ మొత్తాన్ని ఆపేస్తుంది. మిగతా పందొమ్మిది గుంపుల్లో మిగిలింది అలాగే ఉండిపోతుంది. కట్టే ముందు ప్రతి సెల్లు కెపాసిటీ కొలిచి, బలహీనమైనవి ఒకే చోట పడకుండా గుంపులకు పంచేది ఇందుకే. ఒకటి 6.1, ఒకటి 5.9 కలిస్తే గుంపు సమమవుతుంది. ఇది రోజులు పట్టే విసుగు పని. తొందరపడి దీన్ని దాటేసిన ప్యాక్‌కు ఎంత తేలికైన పెట్టె వేసినా లాభం లేదు.

కొనేవాళ్లు కనిపెట్టడం కష్టమేమీ కాదు. మొత్తం ప్యాక్‌ను, పెట్టెతో సహా, తూకం వేయాలి. నిండా చార్జ్ చేసి, స్థిరమైన కరెంటు లాగే డిశ్చార్జ్ మీటర్‌కు తగిలించి, బీఎంఎస్ ఆపేసేదాకా ఎన్ని వాట్ అవర్లు వచ్చాయో చూడాలి. నేను 10 ఆంపియర్ల మీద పరీక్షిస్తాను. మంచి సెల్లతో కట్టిన ఈ సైజు ప్యాక్ 1,850 దగ్గర ఆగుతుంది. అంటే కిలోకు 86. విడి సెల్లు కొనేటప్పుడు కూడా తక్కెడే ముందు మాట్లాడుతుంది. 6 ఆంపియర్ అవర్లని రాసి ఉన్న ఈ రకం సెల్లు 110 గ్రాములే తూగితే, దానిలో అంత పదార్థం లేనట్టే.

పెద్ద ప్యాక్‌లకు ఈ నష్టం కొంత తక్కువ. పెట్టె కొలతలు మూడువైపులా రెట్టింపు చేస్తే లోపల ఎనిమిదింతలు పడుతుంది, రేకు మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. రేకు మందం పెంచాల్సి రావడం వల్ల ఆ లాభంలో కొంత పోయినా, కొంత మిగులుతుంది. 2023లో జర్మనీ కంపెనీ పెప్పర్ మోషన్ పుంగనూరు దగ్గర ఎలక్ట్రిక్ బస్సులు, లారీల ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించినప్పుడు నేను మొదట ఆలోచించింది దీని గురించే. బస్సు ప్యాక్‌కు పెట్టె భారం స్కూటర్ అంత ఉండదు, కానీ చల్లబరిచే ద్రవం, పంపు, గొట్టాలు వచ్చి చేరతాయి. మన తిరుపతి దగ్గర సీసం బ్యాటరీలతో పెరిగిన అమరరాజా 2022 డిసెంబరులో తెలంగాణతో ఒప్పందం చేసుకుని, మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో సెల్లకు 16 గిగావాట్ అవర్లు, ప్యాక్‌లకు 5 గిగావాట్ అవర్లు అని రెండు వేరు లెక్కలు చెప్పింది. సెల్లు చేయడం ఒక విద్య, ప్యాక్ కట్టడం ఇంకో విద్య అని ఆ రెండు అంకెల్లోనే ఉంది.

చైనాలో బీవైడీ 2020లో ఈ తేడాను వేరే దారిలో తగ్గించింది. మీటరుకు కాస్త తక్కువ పొడవుండే పల్చటి సెల్లను పెట్టెలో నేరుగా పక్కపక్కన పేర్చి, మధ్యలో ఉండే చిన్న చిన్న పెట్టెలను తీసేసింది. సెల్లే దూలంలాగా బరువు మోస్తుంది. పాత పద్ధతి కంటే చోటు వాడకం 50 శాతం పైగా పెరిగిందని కంపెనీ చెప్పింది. సెల్లు తేలిగ్గా మంట పట్టని ఐరన్ ఫాస్ఫేట్ రకం కావడం వల్లే అంత దగ్గరగా పేర్చడానికి ధైర్యం చేయగలిగారు. కానీ అలా జిగురుతో బిగిసిపోయిన దాంట్లోంచి ఒక్క సెల్లు చెడితే తీసి మార్చడం చాలా కష్టం. నా బల్ల మీదికి వచ్చే ప్యాక్‌లో ఒక గుంపు పోతే స్క్రూలు విప్పి, పట్టీ కోసి, ఐదు సెల్లు మార్చి, సాయంత్రానికి పాలాయన లాంటివాళ్లకు తిరిగి ఇచ్చేయగలను. హోల్డర్లు, స్క్రూలు, పిడి కలిపి పదకొండు వందల గ్రాములు. ఆ బరువును మాత్రం నేను తగ్గించను.