పదాలు మారినా వాదం మారనప్పుడు: పరిశోధన వ్యాసాల్లో మారువేషపు గ్రంథచౌర్యం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు సిద్ధాంత గ్రంథాల్లో పోలిక శాతాన్ని అంచెలుగా విభజించాయి. పది శాతం వరకు శిక్ష లేదు. అరవై దాటితే పరిశోధకుని నమోదే రద్దవుతుంది. ఈ అంకెలు వచ్చిన తరువాత తెలుగు శాఖల్లో ఒక కొత్త పని పుట్టింది. ఇతరుల వ్యాసాన్ని ఎదుట పెట్టుకొని, వాక్యం వెంట వాక్యంగా పదాలు మార్చి, పోలిక పదిలోపునకు దిగేదాకా దిద్దడమే ఆ పని. సాఫ్ట్‌వేర్ కొలిచేది అక్షరాల పోలికనే తప్ప ఆలోచన ఎవరిదన్నది కాదు. పైగా తెలుగులో ప్రత్యయం మారితే పదరూపమే మారిపోతుంది. దేశ్యానికి బదులు సంస్కృత సమం పెట్టినా, సంధి విడదీసినా పోలిక తెగుతుంది. అందువల్ల మన భాషలో ఈ మారువేషం మరింత సులువు.

దీని తీరు తెలియడానికి ఒక ఉదాహరణను కల్పించుకోవచ్చు. కన్యాశుల్కంపై ఒక విమర్శకుడు ఇలా రాశాడనుకుందాం: "1897 నాటి తొలి కూర్పులో మధురవాణి కథను నడిపే పాత్ర కాదు. 1909 నాటి మలి కూర్పులో ఆమె కనిపించే స్థలాలు పెరగడంతో నాటకం బరువు సంస్కర్తల మీద నుంచి ఆమె మీదికి మళ్లింది."

మారువేషంలో అది ఇలా తేలుతుంది: "1897 ప్రథమ ముద్రణలో మధురవాణి కథాగమనాన్ని నిర్దేశించే పాత్రగా కానరాదు. 1909 ద్వితీయ ముద్రణలో ఆమె దర్శనమిచ్చే ప్రదేశాలు అధికం కావడంతో రూపకం యొక్క భారం సంస్కర్తల నుంచి ఆమె వైపునకు మరలింది."

పోలిక శాతం బాగా తగ్గుతుంది, కాని వాదం, దాని క్రమం, చివరి నిర్ణయం అన్నీ ఆ విమర్శకునివే. అంతేకాక, మార్చిన కొన్నిచోట్ల అర్థం చెడింది. గురజాడ నాటకాన్ని తిరగరాసినందువల్ల 'మలి కూర్పు' అనడం సరైనది. 'ముద్రణ' అంటే ఉన్న పాఠాన్నే మళ్లీ అచ్చువేశారన్న అర్థం వచ్చి, పరిశీలించవలసిన మార్పే కనుమరుగవుతుంది. కన్యాశుల్కంలో 'స్థలం' అంటే అంకంలోని ఒక భాగం. దాన్ని 'ప్రదేశం' చేసిన వ్యక్తి నాటకాన్ని తెరిచి చూడలేదని ఆ ఒక్క మాటే సాక్ష్యం చెబుతుంది. రూపకం పది విధాలనీ, నాటకం వాటిలో ఒకటనీ అలంకారశాస్త్రం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. పరీక్షకుడు పట్టుకోవలసినది ఇటువంటి జారిన పారిభాషిక పదాలనే. మూలవ్యాసంలోని ఉదాహరణలు అదే వరుసలో రావడం, ఆధార గ్రంథాల పట్టికలో లేని ప్రచురణకు చెందిన పుటసంఖ్యలు పాదసూచికల్లో కనిపించడం కూడా అటువంటి జాడలే.

ఇక్కడ ఒక సందేహానికి తావుంది. ఆ వాక్యాలకు పాదసూచిక చేర్చితే సరిపోతుందా? సరిపోదు. మూలవాక్య నిర్మాణాన్ని అలాగే ఉంచి ఆధారం చూపితే, భావం విమర్శకునిదనీ మాటలు పరిశోధకునివనీ పాఠకుడు పొరబడతాడు. మాటలు కూడా విమర్శకునివే కావాలనుకుంటే ఉద్ధరణ చిహ్నాల మధ్య యథాతథంగా ఇవ్వాలి. ఆధారం చూపిన ఉద్ధరణలను నిబంధనలు పోలిక లెక్కలో చేర్చవు. శాతానికి భయపడి నాటకంలోని సంభాషణలను సైతం సొంత మాటల్లోకి దించేవారు తమ వాదానికి ఉన్న ఆధారాన్ని తామే చెరుపుకుంటున్నారు.

నిజాయితీగా తిరిగి చెప్పడం పుస్తకం మూయడంతో మొదలవుతుంది. చదివినదాన్ని పక్కన పెట్టి, విమర్శకుని నిర్ణయమేమిటి, దానికి ఆయన చూపిన కారణమేమిటి అని గుర్తు మీద రాసుకోవాలి. తరువాత మూలంతో సరిచూసి, పారిభాషిక పదాలను కదపకుండా ఉంచి, పుటసంఖ్య చేర్చాలి. అప్పుడు పై మాటలు ఇలా రావచ్చు: "మలి కూర్పు సంస్కర్తల కథను మధురవాణి కథగా మార్చిందని ఈ విమర్శకుని అభిప్రాయం. ఆమె పాల్గొనే స్థలాలు పెరగడాన్ని ఆయన ఆధారంగా చూపారు. అయితే మలి కూర్పులోనూ తెర లేవగానే కనిపించేది గిరీశమే. కనుక బరువు ఏ అంకం నుంచి మళ్లిందో విడిగా పరిశీలించాలి." ఇందులో మొదటి రెండు వాక్యాలు విమర్శకునివని స్పష్టంగా తెలుస్తుంది, పాదసూచిక అక్కడే పడుతుంది. 'అయితే' నుంచి బాధ్యత పరిశోధకునిది. రెండు కూర్పులు వెలువడిన సంవత్సరాలకు మాత్రం విమర్శకుణ్ణి ఉటంకించనక్కరలేదు, అవి అందరికీ తెలిసిన విషయాలు.

మరొక చిక్కు అనువాదానిది. తొలి కూర్పుకు గురజాడ పీఠికను ఇంగ్లీషులో రాశాడు. ఒక విమర్శకుడు అందులోని వాక్యాన్ని తెనిగించి వాడుకుంటే, ఆ తెలుగు వాక్యాన్ని ఎత్తుకొని గురజాడ పీఠికను మాత్రమే ఆధారంగా చూపడం పరిపాటి అయింది. తెలుగు మాటలు విమర్శకుని శ్రమ గనుక, పరిశోధకుడు పీఠికను చూడనప్పుడు 'ఫలానా వ్యాసంలో ఉదాహృతం' అని రాయాలి. చూసినట్లయితే తానే అనువదించాలి. ఇంగ్లీషు వ్యాసాలను తెనిగించి సొంతమని చూపే రచనలను చాలాసార్లు సాఫ్ట్‌వేర్ గుర్తించలేదు. పర్యవేక్షకుడు పరిశోధకుని రాతప్రతి నోట్సును, వాడిన ప్రతిని అడిగి చూస్తే ఆ తేడా కొద్ది నిమిషాల్లోనే బయటపడుతుంది.