జపాన్ మెసేజీలో సారీ ఎలా చెప్పాలి?

వనపర్తి బస్సులో జనంలోంచి దారి చేసుకుంటూ పోయే మనిషి ‘జర జరుగుండ్రి’ అంటాడు. కాలు తొక్కాక ‘తప్పైంది, ఏమనుకోకుండ్రి’ అంటాడు. ఈ రెండూ తారుమారైతే వినేవాళ్లు నవ్వుతారు. ముందు అడిగేదొకటి, అయ్యాక ఒప్పుకునేదొకటి అన్న ఈ తేడా పాలమూరు మనిషికి పుట్టుకతోనే తెలుసు. జపనీస్ నేర్చుకునేటప్పుడు మాత్రం దీన్ని మరిచిపోతాడు. ఎందుకంటే అక్కడ రెండు పనులకూ ‘సుమిమాసెన్’ అనే ఒకే మాట సరిపోతుంది.

ఇప్పుడీ సంగతి గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలకూ అవసరమైంది. జపాన్ 2019 ఏప్రిల్‌లో కొత్త నైపుణ్య వీసా తెచ్చింది, 2021 జనవరిలో దాని మీద భారత్‌తో ఒప్పందం చేసుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవాళ్లకు జపనీస్ నేర్పించి అక్కడి కొలువులకు పంపుతోంది. భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష పాసైతే వీసా దాకా పోవచ్చు. కానీ ఉద్యోగంలో చేరాక పై అధికారికి ఫోన్లో రెండు ముక్కలు రాయడం వేరే పరీక్ష. మాటకు గొంతు తోడుంటుంది, తల వంచితే అర్థమైపోతుంది. మెసేజీలో ఆ రెండూ ఉండవు, వ్యాకరణమే ఆ పని చేయాలి.

సుమిమాసెన్ అంటే అసలు ‘తీరలేదు’ అని. మీకు పడ్డ బాకీ నా వైపు ఇంకా మిగిలే ఉందన్న భావం. అందుకే హోటల్లో పిలవడానికీ, ఎవరైనా సాయం చేస్తే కృతజ్ఞత చెప్పడానికీ, తప్పు ఒప్పుకోవడానికీ అదే మాట. ఒంటరిగా ‘సుమిమాసెన్’ అని పంపితే అవతలి మనిషి ఏమనుకోవాలి? పిలుస్తున్నాడా, మొక్కుతున్నాడా, బాధపడుతున్నాడా?

దారి చూపేది దాని పక్కనుండే చిన్న ముక్క. చివర ‘గ’ చేరి ‘సుమిమాసెన్ గ’ అయితే తర్వాత ఒక అడగడం వస్తుంది: ‘సుమిమాసెన్ గ, రేపటి షిఫ్టు చెప్తారా’ అన్నట్టు. అది మన ‘ఏమనుకోకుండ్రి గానీ’. ముందు చేసిన పని పేరు వచ్చి, దానికి ‘తె’ తగిలితే క్షమాపణ: ‘ఒకురెతె సుమిమాసెన్’, అంటే ఆలస్యమైనందుకు మన్నించండి. చివర ‘దెషిత’ చేరితే అయిపోయిన తప్పుకు చెప్పినట్టు. ‘షిత్సురేయ్’ అనే మర్యాదలోపం మాటదీ ఇదే దారి. గదిలోకి వస్తూ, పోతూ ‘షిత్సురేయ్ షిమాసు’. తప్పుడు నంబరుకు మెసేజ్ వెళ్లిపోతే ‘షిత్సురేయ్ షిమాషిత’.

‘గోమెన్ నసాయ్’ మాత్రం నేరుగా మన్నింపు కోరడమే. దాంతో ఎవరినీ పిలవరు, దానికి ‘దెషిత’ తగిలించడమూ వాడుకలో లేదు. అలాగని పై అధికారికి పనికొస్తుందా? రాదు. అది ఇంటి మాట, దోస్తుల మాట. పెద్దవాళ్ల ముందు పిల్లవాడు బతిమాలినట్టుంటుంది. కొలువులో తప్పుకు ‘మోషివాకె అరిమాసెన్’ ఉంది: చెప్పుకోవడానికి సాకు లేదని దాని భావం. సినిమాల్లో చూసి నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నాగర్‌కర్నూల్ నుంచి వెళ్లిన ఒక అమ్మాయి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తోందనుకుందాం. పొద్దున రైలు నిలిచిపోయింది. సూపర్వైజరుకు ఆమె రాయాల్సింది ఇది: ‘ఒహాయో గొజాయిమాసు. దెన్ష గ ఒకురెతె ఇతె, జూగొ ఫున్ హొదొ ఒకురెమాసు. మోషివాకె అరిమాసెన్.’ శుభోదయం, రైలు ఆలస్యం, సుమారు 15 నిమిషాలు లేటు, మన్నించండి. ఇంతే. తప్పు రైలుది కదా, నేనెందుకు చెప్పాలి అని మనకు అనిపిస్తుంది. అక్కడి స్టేషన్లలో ఆలస్యానికి కాగితం కూడా ఇస్తారు. అయినా మన్నించమనేది తప్పు తనదని కాదు, ఆమె వచ్చేదాకా ఎదురుచూడాల్సిన వాళ్ల ఇబ్బందికి. కారణాన్ని నాలుగు వాక్యాలకు సాగదీస్తే అది ‘ఈవాకె’, సాకు అవుతుంది. సాకు లేదని చెప్పే మాట పక్కనే సాకులు పేర్చినట్టు.

చేరాక మళ్లీ ఒకసారి, ఈసారి గడిచిన పనిగా: ‘కెసా వా ఒకురెతె షిమాయ్, మోషివాకె అరిమాసెన్ దెషిత.’ పొద్దున మెసేజీలో ‘దెషిత’ పెట్టి ఉంటే ఆలస్యం ఇంకా మొదలుకాక ముందే ముగిసినట్టుండేది.

అదే రోజు గదిలో ఉండే స్నేహితురాలికి అన్నం వండడం ఆలస్యమవుతుందంటే ‘గోమెన్, ఒసొకు నరు’ చాలు. దాని పక్కన జోడించిన చేతుల బొమ్మ పెట్టినా బాగుంటుంది. మనకది నమస్కారం, జపాన్ ఫోన్లలో అది ఎక్కువగా మన్నించమనో, దయచేసి అనో అడిగే బొమ్మ. సూపర్వైజరు మెసేజీలో మాత్రం అది వద్దు.