అన్నమా, చపాతీనా: ఏడు స్లైడ్లలో ఒక అపోహ

షుగర్ ఉందని తేలగానే మన ఇళ్లలో ముందుగా మారేది రాత్రి భోజనం. "అన్నం పూర్తిగా మానేశానండీ, చపాతీలే తింటున్నా" అని డైటీషియన్‌తో ధీమాగా చెబుతారు. ఎన్ని తింటున్నారని అడిగితే నాలుగో, ఐదో అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్కో స్లైడూ జరుపుకుంటూ చదివే 'అపోహ–నిజం' వరుసకు ఇది చక్కటి విషయం. అయితే ఆ వరుసను చాలామంది తలకిందులుగా కడుతున్నారు.

సాధారణంగా మొదటి స్లైడ్ మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో అపోహ ఉంటుంది, రెండోదాని మీద నిజం. కానీ అందరి కంటా పడేది మొదటి స్లైడే. చాలామంది రెండోదాకా రారు. ఎవరో ఆ ఒక్కదాన్నే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే అపోహే ఊరంతా తిరుగుతుంది. పదేపదే కంటపడిన మాట నిజమనిపించడం మొదలవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రయోగం చేసి చూపారు. అందుకే మొదటి స్లైడ్ నిజానిదే కావాలి: "నాలుగు చపాతీలు తిన్నా, 300 గ్రాముల అన్నం తిన్నా పిండిపదార్థం దాదాపు అంతే."

అపోహ రెండో స్లైడ్‌లో, ఒకే ఒక్కసారి రావాలి. బూడిద రంగులో, చిన్న అక్షరాలతో, ఎవరో అంటున్న మాటలా: "షుగర్ ఉంటే అన్నం మానేసి చపాతీ తినాలి." పైన 'అపోహ' అన్న పదం ఉండి తీరాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించని వాళ్లుంటారు కాబట్టి రంగు ఒక్కటే సరిపోదు.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో వరుస మొత్తానికీ ప్రాణం అదే. జనం ఆ మాటను ఎందుకు నమ్మారో అక్కడ చెప్పాలి. చపాతీకి మారిన కొందరికి షుగర్ నిజంగానే తగ్గుతుంది. కంచం నిండా రెండుమూడు సార్లు వడ్డించుకున్న అన్నం స్థానంలో రెండు చపాతీలు వస్తే, పిండిపదార్థం సగానికి పైగా పడిపోతుంది. అన్నాన్ని కొలిచి తినం, చపాతీని లెక్కపెట్టి తింటాం. మేలు చేసింది గోధుమ కాదు, ఆ లెక్క. ఈ మాట చెప్పకుండా "మీరు నమ్మింది తప్పు" అంటే, షుగర్ తగ్గిన మనిషి తన అనుభవాన్నే నమ్ముతాడు, మనల్ని కాదు.

నాలుగో స్లైడ్‌లో తేడా కంటికి కనపడాలి. ఒకే రకం కంచాలు రెండు, ఒకే ఎత్తు నుంచి తీసిన ఫోటోలు. ఒకదానిలో 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలు నాలుగు, రెండోదానిలో తూకం వేసిన 300 గ్రాముల అన్నం. రెండిటి కిందా ఒకే అంకె: సుమారు 80 గ్రాముల పిండిపదార్థం. ఒక కంచాన్ని దగ్గర నుంచి, ఇంకోదాన్ని దూరం నుంచి తీస్తే పోలిక చెడిపోతుంది. అక్షరాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం ఇస్తే ఒత్తులు కింది వరుసకు తగులుతాయి, ఫోన్‌లో చదవలేం.

ఐదోది నిజాయితీకి పరీక్ష. ముడి గోధుమ పిండిలో పాలిష్ పట్టిన బియ్యం కంటే పీచు ఎక్కువ. దానివల్ల షుగర్ కాస్త నెమ్మదిగా పెరగవచ్చు. ఆ మేరకు చపాతీ వైపు న్యాయం ఉందని ఒప్పుకోవాలి. దీన్ని దాచి "అన్నం ఏ హానీ చేయదు" అని రాస్తే పాత అపోహ పోయి కొత్తది వస్తుంది.

ఆరోదానిలో చేయాల్సిన పని: కంచంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నమో చపాతీయో. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు. మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే, ఎవరి ఒంటికి ఏది పడుతుందో వాళ్లకే తెలుస్తుంది.

పోస్ట్ పెట్టేముందు ఈ ఆరింటినీ విషయం తెలియని ఒకరికి చూపించి, మర్నాడు ఏం గుర్తుందో అడగాలి. "చపాతీ మంచిది కాదట" అంటే వరుస విఫలమైనట్టే, నాలుగూ ఐదూ మళ్లీ రాయాలి. "ఏది తిన్నా కొలత చూసుకోవాలట" అంటే పని జరిగినట్టు.

ఏడో స్లైడ్‌కు బొమ్మలు అక్కర్లేదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పిండిపదార్థాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మందు మోతాదు సరిచూసుకున్నాకే అన్నం తగ్గించాలని అక్కడ స్పష్టంగా, పెద్ద అక్షరాలతో రాయాలి.