విజ్ఞానసర్వస్వ రచనలో ప్రశంసాపదాల పరిహరణ

‘విశ్వవిఖ్యాత అమృతాంజనం సంస్థ నాణ్యమైన లేపనాన్ని అందిస్తూ ప్రజాభిమానాన్ని చూరగొంది’ అనే నమూనా వాక్యంలో విశేషణాలను తొలగించినంత మాత్రాన తటస్థత సిద్ధించదు. ‘విశ్వవిఖ్యాత’, ‘నాణ్యమైన’ పోయినా ‘అందిస్తూ’ అనే క్రియలో ఉపకారభావం మిగులుతుంది. ‘విక్రయిస్తూ’ అంటే వ్యాపారం వ్యాపారంగానే కనిపిస్తుంది. ‘ప్రజాభిమానాన్ని చూరగొంది’ అన్నది ఆధారం లేని అభిప్రాయం. దానిని ‘పేరుగాంచింది’ అని మార్చినా ఆ పేరు ఎవరిచ్చారో తెలియదు. స్వతంత్ర ఆధారం ఉంటే అన్నవారి పేరుతో దానిని ఉంచాలి, లేకుంటే తొలగించాలి. తెలుగులో క్రియాంతం కూడా గౌరవాన్ని మోస్తుంది. అందుకే తెలుగు వికీపీడియా వ్యక్తుల విషయంలో ఏకవచనాన్ని పాటిస్తుంది. సవరించిన రూపం ఇది: ‘అమృతాంజనం సంస్థను కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో స్థాపించాడు. ఈ సంస్థ నొప్పి నివారణ లేపనాన్ని తయారుచేసి విక్రయిస్తుంది.’ ప్రశంస తొలగిన చోట సరిచూసుకోదగిన సమాచారం చేరింది.