పూత కోసి చూపించే వీడియో

కడియం నర్సరీల చిన్న వీడియోలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. కవర్లో ఉన్న రెండడుగుల మామిడి అంటు, దానికి వేలాడే కాయ, వెనక ఓ సినిమా పాట. చూసేవాడికి నోరూరుతుంది, కాదనను. నాకు నచ్చిన వీడియో మాత్రం కత్తెరతో మొదలవుతుంది. అలాంటి అంటుకే వచ్చిన పూతగుత్తిని ఓ చెయ్యి టక్కున కత్తిరించి పక్కన పడేస్తుంది. "ఇదెందుకు కోసేత్తున్నానో సెప్తానుండండి" అంటుంది ఓ గొంతు. పాట లేదు, పేరు లేదు, నమస్కారం కూడా లేదు. వేలు జరిపి ముందుకెళ్లిపోయేవాణ్ణి ఆపడానికి ఆ మూడు సెకన్లు చాలు. కాయ చూపించేవాళ్లు వందమంది ఉన్నచోట పూత కోసేవాడు కనిపిస్తే ఎవరైనా ఆగుతారు.

ఆగినవాడికి దక్కేది కూడా గట్టి విషయమే. అంటు కట్టిన కొమ్మ కాపుకొచ్చిన చెట్టు నుంచి తెచ్చినది కాబట్టి మొక్క ఎంత చిన్నదైనా పూత వస్తుంది. ఉంచేస్తే వేళ్లకీ కొమ్మలకీ పోవాల్సిన బలం కాయకి పోతుంది. అందుకే మొదటి మూడేళ్లూ పూత తీసెయ్యమంటారు. ఈ ముక్క చెప్పే నర్సరీవాడు తన దగ్గరున్న అందమైన సరుకును చేజేతులా పాడుచేసుకుంటున్నట్టే కనిపిస్తాడు. తోట పెట్టాలనుకునే రైతు మాత్రం, వీడికి పని తెలుసు, అనుకుంటాడు. పైసా ఖర్చు లేకుండా ఆ నమ్మకం సంపాదించడమే ఈ వీడియోలోని పనితనం.

తరవాత ఫోను కిందికి దిగుతుంది. అతుకు దగ్గర ఆగుతుంది. రెండు కాండాలూ కలిసినచోట బెరడు తేడా తెలిసేంత దగ్గరగా, కదలకుండా. అక్కడ చుట్టిన ప్లాస్టిక్ పట్టీని బ్లేడుతో చీల్చి తీస్తారు. అతుకు పట్టాక కూడా పట్టీ అలాగే ఉండిపోతే కాండం లావెక్కేకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది. నొక్కు పడిన మొక్క పెద్దయ్యాక గాలికి అక్కడే విరుగుతుంది. ఆ తరవాత అతుకు కింద మొలిచిన చిగురును గోటితో గిల్లేస్తారు. అది టెంక మొక్క చిగురు. వదిలేస్తే పైనున్న బంగినపల్లిని మింగేసి, ఏ జాతో తెలియని చెట్టు పెరుగుతుంది. ఈ మూడు పనులూ ఆ తోటలో రోజూ జరిగేవే. వీడియో కోసం ప్రత్యేకంగా చేసిందేమీ లేదు, పని చేస్తున్న చేతి పక్కన ఇంకొకరు ఫోను పట్టుకున్నారంతే. రోజూ పోస్టు పెట్టడానికి విషయం ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగేవాళ్లకి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎత్తు చూపించే తీరు కూడా మెచ్చుకోవాలి. ఫోను నేలకి దించి పైకి ఎత్తి తీస్తే మూడడుగుల మొక్క ఆరడుగుల్లా కనిపిస్తుంది. ఇది తెలిసీ తెలియక చాలామంది చేసే మోసం. ఇక్కడ ఫోను మొక్క నడుం ఎత్తులో ఉంది, పక్కన అడుగుల గుర్తులున్న కర్ర ఉంది, కవరు అడుగు దాకా కనిపిస్తోంది. షేడ్ నెట్ కింద తీస్తే ఆకులన్నీ లేని పచ్చదనం పూసుకుంటాయి కాబట్టి మొక్కను పొద్దుటి వెలుగులోకి తెచ్చి పెట్టారు. ఊరు రాజమండ్రి పక్కన జాతీయ రహదారిని ఆనుకునే ఉంది కదా, లారీ హారన్లు మాటల్ని మింగేస్తాయి. అందుకని మాట్లాడేవాడు ఫోనుకి దగ్గరగా నిలబడ్డాడు.

చివర నర్సరీ పేరు, ఊరి పేరు, ఫోన్ నంబరు నోటితో చెబుతారు. తెరమీద రాస్తే చాలదా? చాలదు. వీడియో ఎత్తుకెళ్లి రాతల్ని తుడిచేసి, తమ నంబరు పెట్టుకుని అడ్వాన్సులు లాగేవాళ్లకి గొంతు చెరపడం కాస్త కష్టం.

ధర మాత్రం ఎక్కడా చెప్పరు. మొదట అది నాకు లోపంగానే అనిపించింది. ఆలోచిస్తే అదే అసలు తెలివి. యూట్యూబ్ షార్ట్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఈ ఏడు చెప్పిన ధర పట్టుకుని మూడేళ్ల తరవాత ఎవరో ఫోన్ చేసి తగాదాకి దిగుతారు. అతుకు గురించి చెప్పింది మూడేళ్లకీ పాతబడదు. కాబట్టి నిలిచే మాట యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో. చెడిపోయే మాట, అంటే ధర, ఎన్ని మొక్కలున్నాయి, లారీ ఎటు వెళుతోంది, ఇవన్నీ వాట్సాప్ స్టేటస్‌లో. స్టేటస్ 24 గంటల్లో దానంతటదే మాయమవుతుంది. ధర కూడా దాంతోనే పోతుంది. "రేపు విజయవాడ మీదుగా హైదరాబాద్ బండి, చోటుంది" అన్న ఒక్క మాటకి బేరాలు వస్తాయి, ఎందుకంటే యాభై మొక్కలు కొనేవాడికి మొక్క ధర కన్నా కిరాయే భారం.

స్టేటస్ కనపడాలంటే ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నంబరు ఒకరికి ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. "సబ్‌స్క్రైబ్ చేయండి" బదులు "నంబరు సేవ్ చేసుకోండి" అని అడగడం అందుకే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ప్రభుత్వం నిషేధించినప్పుడు ఖాతాలు నమ్ముకున్నవాళ్ల చూపరులు రాత్రికి రాత్రి పోయారు. సొంత ఫోనులో నంబర్లు ఉన్నవాళ్ల కొనుగోలుదారులు ఎక్కడికీ పోలేదు.

పోస్టుల వరసను పంచాంగమే నడుపుతుంది. వినాయక చవితికి పది రోజుల ముందు పత్రి మొక్కలు: మాచీపత్రి, వాకుడు, విష్ణుక్రాంత, మరువం లాంటివి పట్నంలో గుర్తుపట్టేవాళ్లు తక్కువ, కాబట్టి ఒక్కో ఆకును అరచేతిలో పెట్టి తీసినవి బాగా తిరుగుతాయి. కార్తీకానికి ఉసిరి. తొలకరికి పళ్ల తోటల అంటులు. మండు వేసవిలో కొనేవాడుండడు. అప్పుడు నీళ్లు పెట్టడం, నీడ కట్టడం చూపిస్తారు.

డబ్బు పెట్టకుండా పదిమంది కంట్లో పడటం కడియానికి కొత్త కూడా కాదు. కొత్త సంవత్సరానికీ జెండా పండక్కీ వేల కుండీల మొక్కల్ని అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చడం ఇక్కడి పెద్ద నర్సరీల అలవాటు. పత్రికలు ఆ ఫొటోలు ఊరికే వేసేవి. ఏటవాలుగా తీస్తే దూరపు అక్షరాలు కుంచించుకుపోతాయి కాబట్టి నేలమీద వాటిని సాగదీసి పేర్చాలి. నేరుగా పైనుంచి డ్రోన్‌తో తీస్తే ఆ తిప్పలు తప్పుతాయి.

ఇక ఈ పద్ధతి చేయలేనివి ఉన్నాయి. లక్షమంది చూసినా అందులో మేడమీద ఒక్క కుండీ పెట్టుకునేవాళ్లే ఎక్కువైతే, వందల్లో అమ్మే నర్సరీకి రోజంతా ఫోన్లు ఎత్తడమే మిగులుతుంది. అందుకే "యాభైకి తక్కువ పంపలేమండి" అని వీడియోలోనే చెప్పెయ్యడం మర్యాద తక్కువేం కాదు. ఏ వీడియో పనిచేసిందో వ్యూలు చెప్పవు. ఫోన్ చేసినవాణ్ణి "ఏ వీడియో చూశారండి, ఎన్ని కావాలండి" అని అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటేనే తెలుస్తుంది. అలా రాసుకుంటే, తక్కువమంది చూసిన పట్టీ కోసే వీడియోకి ఎకరాల లెక్కన అడిగేవాళ్లూ, బాగా తిరిగిన కాయ వీడియోకి ఒక్క మొక్క అడిగేవాళ్లూ తగిలినా ఆశ్చర్యం లేదు.

వేళ్లు మాత్రం ఏ వీడియోలోనూ సరిగ్గా కనపడవు. కవర్లో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్కకి వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుంటాయి, పైన ఆకు నిగనిగలాడుతూనే ఉంటుంది. డబ్బు పంపేముందు వీడియో కాల్‌లో తనకి పంపబోయే వరస చూపించమని, అందులోంచి తాను వేలెత్తి చూపిన మొక్క కవరు చింపమని అడిగే కొనుగోలుదారుణ్ణి మంచి నర్సరీవాడు కాదనడు. చింపిన ఆ మొక్క ఖరీదు ఎవరిదన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి.